లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరగదు

హైవే మీద మా కారుకి ఏ రోగమూ లేదు. శ్రీకాకుళంలో బయల్దేరి రణస్థలం, భోగాపురం మీదుగా విశాఖ దాకా ఏసీ వేసుకుని వెళ్లినా ఇంజిను వేడి చూపే ముల్లు మధ్యలోంచి కదిలేది కాదు. అదే కారు నాతవలస టోల్ గేటు దగ్గర బళ్ల వెనక నిలబడితే ఏసీలోంచి వేడి గాలి కొట్టేది. మళ్లీ వేగం అందుకోగానే చల్లబడిపోయేది. ఊళ్లోకి వచ్చి ఏడు రోడ్ల జంక్షన్లో ఇరుక్కుంటే ముల్లు మెల్లగా పైకి జరగడం కనిపించేది.

ఈ తేడా ఒక్కటే రోగం పేరు సగం చెప్పేస్తుంది. బండి 60, 70 వేగంలో ఉన్నప్పుడు ఎదురుగాలి తనంతట తనే రేడియేటర్లోంచి దూసుకుపోతుంది, ఫ్యానుతో పనే ఉండదు. నిలబడితే ఆ గాలి ఆగిపోతుంది కాబట్టి ఫ్యానే లాగాలి. పైగా ఏసీ కండెన్సర్ రేడియేటర్‌కి ముందు ఉంటుంది. క్యాబిన్‌లోంచి తీసిన వేడినంతా అది వదిలాక, ఆ వేడెక్కిన గాలే వెనక ఉన్న రేడియేటర్‌కి అందుతుంది. ఫ్యాను లేకపోతే రెండూ ఒకేసారి ఉడుకుతాయి. ముందు ఏసీ చల్లదనం పోతుంది, తర్వాత ఇంజిను వేడెక్కుతుంది. హైవే మీద వేగంగా పోతున్నప్పుడే వేడెక్కే బండి కథ వేరు. అక్కడ థర్మోస్టాట్, వాటర్ పంపు, రేడియేటర్ లోపల పూడిక లాంటివి వెతకాలి. మాది ఆ బాపతు కాదు.

కారు 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. రేడియేటర్ వెనక ఒకే ఫ్యాను, ఒకే స్పీడు. ఏసీ వేసి కంప్రెసర్ నడవడం మొదలైతే ఫ్యాను తిరగాలి. ఏసీ లేకపోతే నీళ్ల వేడి ఒక హద్దు దాటాక తిరగాలి.

సంగతి ముదిరింది మే నెలలో ఒక ఆదివారం. అరసవల్లిలో ఆదివారం జనం ఎలా ఉంటారో జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు. వెనక సీట్లో మా అత్తయ్యగారు, మా ఆవిడ, చిన్నది. ఆటోలూ, పూజ సామాన్ల బళ్లూ, నడిచి వెళ్లేవాళ్లూ, మధ్యలో మేము. బండి పది అడుగులు కదిలి ఆగడం, మళ్లీ పది అడుగులు. ముందు ఏసీ చల్లదనం తగ్గింది. అంతకుముందు కొద్దిసేపటికోసారి ముందు నుంచి వినిపించే కంప్రెసర్ ‘టక్’ కూడా ఆగిపోయింది. ఫ్యాను లేక కండెన్సర్లో గ్యాస్ ప్రెషర్ పెరిగిపోతే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్ని ఆపేస్తుంది. అది కాపాడుకోవడమే గానీ పాడవడం కాదు. ఆ తర్వాత ముల్లు మూడొంతులు దాటింది.

ఏసీ ఆపేసి, అద్దాలు దించి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి బ్లోయర్ ఫుల్లుగా తిప్పాను. మే నెలలో హీటర్ ఏమిట్రా అని మా అత్తయ్యగారు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. హీటర్ అనేది డ్యాష్‌బోర్డ్ లోపల ఉండే ఇంకో చిన్న రేడియేటర్. ఇంజిను నీళ్లే అందులోంచీ వెళ్తాయి, దానికి సొంత ఫ్యాను ఉంటుంది. పెద్ద ఫ్యాను చచ్చినప్పుడు కొంత వేడిని అదే బయటికి లాగుతుంది. ముల్లు పెరగడం ఆగింది, కొంచెం దిగింది కూడా. ఖాళీ కనపడగానే పక్కకి తీసి ఇంజిను ఆపేశాను. బానెట్ ఎత్తి అలా వదిలేశాను గానీ రేడియేటర్ మూత జోలికి వెళ్లలేదు. ఆ మూత లోపల నీళ్లని ప్రెషర్‌లో పట్టి ఉంచుతుంది కాబట్టే అవి 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తిప్పితే ఆ ప్రెషర్ పోయి, నీళ్లు ఆ క్షణంలోనే ఆవిరై మొహం మీదికి చిమ్ముతాయి. గొట్టం చేత్తో పట్టుకోగలిగేంత చల్లారేదాకా దాన్ని ముట్టకూడదు. పక్కన కొబ్బరిబోండాలు కొట్టే ఆయన బక్కెట్టుతో నీళ్లు తెచ్చి ఇంజిను మీద పోసేద్దాం అన్నాడు. వద్దని దణ్ణం పెట్టాను. కాలిపోతున్న లోహం మీద చన్నీళ్లు పోస్తే ఇంజిను హెడ్ పగలొచ్చు.

నిజానికి అప్పటికే ఈ బండి ఇద్దరి చేతుల్లో పడి వచ్చింది. మొదట ఏసీ కూలింగ్ తగ్గిందని ఒక ఏసీ షాపుకి వెళ్తే, గ్యాస్ తక్కువైందని నింపి పంపారు. అక్కడ చూసింది నిలబడిన బండిలో చల్లగా లేదన్న ఒక్క ముక్కే. గ్యాస్ బాగా తక్కువైతే హైవే మీద కూడా సరిగ్గా చల్లబడదు కదా. ఉన్న గ్యాస్ మీద ఇంకా నింపితే ప్రెషర్ మరింత పెరిగి కంప్రెసర్ ఇంకా తొందరగా ఆగిపోతుంది. మాకు సరిగ్గా అదే జరిగింది. తర్వాత ఎక్కువైనది వేరే చోట తీయించాల్సి వచ్చింది.

రెండో ఆయన మెకానిక్. బానెట్ ఎత్తి ఫ్యాను తిరగట్లేదని పట్టేశాడు, అక్కడిదాకా మెచ్చుకోవాలి. ఫ్యానుకి కరెంటు కలిపే రిలే అనే చిన్న స్విచ్చు పోయిందని కొత్తది వేశాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. డబ్బులిచ్చి వచ్చేశాను. కొన్నాళ్లు బాగానే ఉంది, ఆపైన మళ్లీ మొదలు. తీసుకెళ్లి చూపిస్తే ఆయన ముందు మాత్రం ఫ్యాను బుద్ధిగా తిరిగేది. పొద్దున్నే చల్లగా ఉన్న బండిలో తిరగడం, ఎండలో అరగంట నడిచాక తిరగకపోవడం. చివరికి ఆయన ‘థర్మోస్టాట్ వాల్వు పీకేద్దాం, నీళ్లు ఫ్రీగా తిరుగుతాయి’ అన్నాడు. మన దగ్గర వేడెక్కిన ప్రతి బండికీ ఇదే మందు. ఫ్యాను తిరగని బండికి ఆ వాల్వు పీకినా రేడియేటర్లో గాలి ఆడదు. హైవే మీద ఇంజిను కావలసిన వేడి అందుకోక పెట్రోలు మాత్రం ఎక్కువ తాగుతుంది. ఒప్పుకోలేదు.

ఆదివారం గొడవ తర్వాత ఇంటి దగ్గర నేనే కూర్చున్నాను. కరెంటు పని నాకు కొత్త కాదు, ఇంట్లో మల్టీమీటర్ ఉంది. ఓబీడీ పోర్టుకి తగిలించే చిన్న డాంగిల్ కూడా కొన్నాను. దాన్ని స్టీరింగ్ కింద గుచ్చితే ఫోన్లో Engine Coolant Temperature అని నీళ్ల వేడి అంకెల్లో కనిపిస్తుంది. చాలా కార్లలో మీటరు ముల్లు నిజం దాచిపెడుతుంది. 80కీ 100కీ మధ్య ఎక్కడున్నా మధ్యలోనే కూర్చునేలా చేస్తారు, అది కదిలిందంటే అప్పటికే ఆలస్యం అయినట్టు. అంకెలు అలా కాదు. మా వాకిట్లో ఇంజిను ఆన్‌లో, ఏసీ ఆన్‌లో ఉంచి చూస్తే 88, 92, 97 అలా పోతూనే ఉంది. 104 దాకా చూసి ఆపేశాను. అంతసేపూ ఫ్యాను కదల్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆగి ఉన్న ఫ్యాను ఎప్పుడు తిరగడం మొదలుపెడుతుందో చెప్పలేం. కొన్ని బళ్లలో తాళం తీసేశాక కూడా తిరుగుతుంది. చెయ్యి, భుజం మీద తువ్వాలు, మెడలో గొలుసు ఏవీ దాని దగ్గరికి పోకూడదు.

మొదట ఫ్యాను ఫ్యూజు. మా బండిలో బానెట్ కింద పెట్టెలో 30 ఆంపియర్లది. తీసి చూస్తే బాగానే ఉంది. తర్వాత రిలే మీద వేలు పెట్టి, లోపల మా ఆవిణ్ణి ఏసీ స్విచ్ నొక్కమన్నాను. వేలికి టక్కుమని తగిలింది. ఆ చిన్న టక్కు చాలా చెబుతుంది. ఏసీ స్విచ్, ప్రెషర్ స్విచ్, కారు లోపలి కంప్యూటర్ అన్నీ కలిసి ‘ఫ్యాను వెయ్యి’ అని రిలేకి ఆజ్ఞ పంపాయి, రిలే కూడా విన్నది. అంటే సెన్సర్లు మార్చడం, కంప్యూటర్ చూపించడం లాంటి ఖర్చులన్నీ అక్కడితో కొట్టేయొచ్చు. టక్కుమనకపోయి ఉంటే వెతకాల్సిన దారి అదే అయ్యేది.

తర్వాత ఫ్యానుకి వైర్లు కలిసే కప్లర్ ఊడదీసి, బండి వైపు పిన్నుల్లో టెస్టు బల్బు పెట్టాను. చక్కగా వెలిగింది. మల్టీమీటర్ పెడితే 13.8 వోల్టులు. ఇంజిను ఆన్‌లో ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర ఉండేదీ అంతే. అయితే మోటారు చచ్చిందన్న మాట అనుకుని, ఫ్యూజు పెట్టిన రెండు వైర్లతో బ్యాటరీ నుంచి నేరుగా మోటారుకి ఇచ్చాను. దుమ్ము లేచేలా తిరిగింది.

ఫ్యూజు బాగుంది, రిలే బాగుంది, మోటారు బాగుంది, మోటారు గుమ్మం దాకా 13.8 వోల్టులు వస్తున్నాయి. అయినా కప్లర్ పెడితే రెక్కలు ఒకసారి ఉలిక్కిపడి అక్కడే నిలబడిపోతున్నాయి.

పాలకొండ రోడ్డు వైపు ఒక పెద్దాయన లారీలకీ బస్సులకీ ఎలక్ట్రికల్ పని చేస్తారు. చిన్న కార్లు పెద్దగా ముట్టరు. ఒక మిత్రుడి మాట మీద ఆయన దగ్గరికి వెళ్లాను. షెడ్డులో ఇంకో కుర్రాడు ఉన్నాడు, ఆయన మేనల్లుడట. నేను చెప్పిందంతా విని ఆ కుర్రాడే ముందు అందుకున్నాడు.

“ఎందుకండీ ఇంత? డేష్‌బోడ్డులో స్విచ్చొకటి ఎట్టీసి డైరెక్టు లాగేద్దాం. అరగంట పని.”

ఈ డైరెక్టు స్విచ్ మన ఊళ్లలో సగం పాత బళ్లకి ఉంటుంది. దారిలో చిక్కుకుని ఇంటికి చేరాలంటే సరే, నేనూ ఒప్పుకుంటాను. శాశ్వతంగా అయితే ఫ్యాను ఎప్పుడు వెయ్యాలో గుర్తు పెట్టుకోవడం డ్రైవర్ పనైపోతుంది. మా ఆవిడ నడిపే రోజు ఆమె గుర్తు పెట్టుకోవాలి. మరిచిపోతే ఇంజిను ఉడుకుతుంది, ఆపడం మరిచిపోతే పొద్దున్నకి బ్యాటరీ ఖాళీ. అన్నిటికన్నా అసలు తప్పు ఎక్కడుందో తెలియకుండా దాని పక్కనుంచి దారి వేసుకోవడం నాకు నచ్చదు. ఎక్కడో ఒక చోట వేడెక్కుతున్న వైరు అక్కడే ఉండిపోతుంది.

పెద్దాయన నా టెస్టు బల్బు చూసి నవ్వారు.

“దీన్తోటి చూసినావేటి బాబూ?”

“అవును అన్నయ్యా, బాగానే వెలిగింది. మీటర్లో కూడా ఫుల్లు వోల్టేజి ఉంది.”

“ఎలుగుతాది. ఈ గుంటబల్బు ఏటి తాగుతాది? అంత ఫేను తిరగాల్నంటే సత్తువుండాల. కరెంటొస్తంది గానీ సత్తువ నేదు.”

మూల ఉన్న డబ్బాలోంచి ఒక పాత హెడ్‌లైట్ బల్బు తీశారు. మూడు కాళ్ల హెచ్4 బల్బు. డిమ్ము 55, బ్రైటు 60 వాట్లు. రెండు ఫిలమెంట్లూ కలిసేలా వైర్లు అతికించి ఉంచుకున్నారు. రెండూ కలిపితే 9, 10 ఆంపియర్లు లాగుతుంది, అంటే ఇంచుమించు మా ఫ్యాను తాగేంత. కప్లర్లో నా టెస్టు బల్బు పెట్టిన చోటే దాన్ని పెట్టారు. కళ్లు చెదిరేలా వెలగాల్సింది ఆరబోతున్న బొగ్గులా ఎర్రగా మినుకుమంది.

లోపం మొత్తం అక్కడ కనిపించింది. దారిలో ఎక్కడో ఒక అతుకు సరిగ్గా లేదు. మల్టీమీటర్ దాదాపు ఏమీ లాగదు, టెస్టు బల్బు అర ఆంపియర్ కూడా లాగదు. అంత తక్కువ కరెంటు ఎంత చెడ్డ అతుకులోంచైనా దాటిపోతుంది, అందుకే నిండు వోల్టేజి కనిపిస్తుంది. 10 ఆంపియర్లు అడిగినప్పుడే ఆ అతుకు వోల్టేజినంతా మింగేస్తుంది. కప్లర్ ఊడదీసి కొలిచిన వోల్టేజి ఫ్యాను విషయంలో ఏమీ చెప్పదని నాకు అక్కడ కళ్లకి కట్టింది. కప్లర్ పెట్టి ఉండగా, ఫ్యాను తిరగడానికి పెనుగులాడుతుండగా కొలవాలి.

హెడ్‌లైట్ బల్బు పద్ధతి ఫ్యాను లాంటి లావు వైర్ల మీదే చెయ్యాలి. సెన్సర్ల సన్న వైర్ల మీదో, కంప్యూటర్ నుంచి వచ్చే వాటి మీదో పెడితే ఆ కంప్యూటర్ కాలిపోతుంది. ఎయిర్‌బ్యాగు వైర్ల జోలికి టెస్టు బల్బుతో కూడా పోకూడదు.

అక్కడినుంచి నా మీటరు, ఆయన చెయ్యి. కప్లర్ ఊడదీయకుండానే వెనకనుంచి వైరు పక్కగా గుండుసూదులు దూర్చి వాటిని మీటరుతో పట్టుకున్నారు. ఏసీ వేయించారు. రిలే టక్కుమంది, రెక్కలు ఉలిక్కిపడ్డాయి, మీటరు మీద 3.1. బ్యాటరీ దగ్గర 13.8. మధ్యలో 10 వోల్టులకు పైగా ఎవరో తినేస్తున్నారు.

ముందు ఎర్త్ వైపు. మీటరు ఒక కాలు ఫ్యాను నల్ల వైరు మీద, ఇంకోటి బ్యాటరీ నెగటివ్ మీద. 0.1 వోల్టు. ఎర్త్ శుభ్రంగా ఉంది. అది ఒకటో రెండో వోల్టులు చూపించి ఉంటే, బాడీకి బిగించిన ఎర్త్ నట్టు దగ్గర తుప్పు వెతికేవాళ్లం. తర్వాత పాజిటివ్ వైపు. మీటరు ఒక కాలు బ్యాటరీ పాజిటివ్ మీదే ఉంచి, రెండో కాలు దారి వెంట జరుపుతూ వచ్చారు. ఫ్యూజుకి ముందు ఏమీ లేదు. ఫ్యూజు దాటాక 0.1. ఇక రిలే. రిలేకి నాలుగు కాళ్లు, వాటి పక్కన చిన్న అంకెలు ముద్రించి ఉంటాయి. 85, 86 లోపలి కాయిల్‌వి, టక్కుమనిపించేవి అవే. 30 బ్యాటరీ కరెంటు లోపలికి వచ్చేది, 87 ఫ్యానుకి వెళ్లేది. రిలేని వెంట్రుకవాసి పైకి లేపి, 30 కాలి లోహం మీద మీటరు మొన ఆనించారు. 10.4.

ఫ్యూజు దాటాక 0.1, రిలే కాలు మీదకి వచ్చేసరికి 10.4. ఆ రెండింటి మధ్య ఉన్నది ఒకే ఒక్క వస్తువు. రిలే కాలు దిగే ఆ సన్న గాడిలో ఉండే స్ప్రింగు రేకు.

బ్యాటరీ నెగటివ్ ఊడదీశాక రిలే పీకి టార్చి వేశారు. మిగతా మూడు గాళ్లూ నల్లగా, సన్నగా ఉన్నాయి. 30 గాడి చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి అంచు కొంచెం కరిగింది. లోపల రేకులు రెండూ నోరు తెరిచినట్టు విడిపోయి ఉన్నాయి. అదే గాడిలోంచి ఒక పరాయి వైరు ముక్క బయటికొచ్చి, పెట్టె అంచు కిందనుంచి జారి, చివర నల్ల టేపు చుట్టుకుని ఉంది. మాకు ముందున్న ఓనరు ఫాగ్ లైట్లు పెట్టించుకున్నాడట, అమ్మేముందు తీసేశాడు. ఆ లైట్లు పెట్టినవాళ్లెవరో బ్యాటరీ దాకా వైరు లాగడానికి బద్ధకించి, చేతికి దగ్గరగా కరెంటు ఎక్కడ దొరికితే అక్కడ దూర్చారు. ఫ్యాను రిలే 30 కాలు పక్కనే వైరు నొక్కి రిలే బిగించేశారు. ఒక్క కాలు పట్టే రేకులో రెండు దూరితే రేకు విచ్చుకుంది. లైట్లు పోయినా వైరు మిగిలిపోయింది. ఆ టేపు ఊడి చివర బాడీకి తగిలి ఉంటే ఇంకా పెద్ద కథయ్యేది.

మిగతా ముడులన్నీ దీంతో విడిపోయాయి. రిలే మార్చినప్పుడు ఫ్యాను ఎందుకు తిరిగిందంటే, కొత్త రిలే మంచిదని కాదు. పీకి మళ్లీ నొక్కడంలో కాలు రేకుని కొంచెం గీరి పట్టు దొరికింది. పొద్దున్న తిరిగి మధ్యాహ్నం ఆగడం కూడా అదే. చల్లగా ఉన్నప్పుడు అంటీ అంటనట్టు పట్టుకున్న రేకు వేడెక్కేకొద్దీ ఇంకా వదులైపోతుంది. వదులయ్యేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది.

ఫ్యూజు ఎందుకు పోలేదన్నది నన్ను ఎక్కువ తికమక పెట్టింది. ప్లాస్టిక్ కరిగేంత వేడి పుడుతుంటే ఫ్యూజు కాలిపోవాలి కదా. ఆయన దగ్గరున్న క్లాంప్ మీటర్ ఫ్యాను వైరు చుట్టూ వేసి చూశాం. ఫ్యాను పెనుగులాడుతున్నప్పుడు 8 ఆంపియర్లలోపే. ఫ్యూజు 30ది. చెడ్డ అతుకు కరెంటుని పెంచదు, అడ్డుకుని తగ్గిస్తుంది. కాబట్టి ఫ్యూజుకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. వేడి మాత్రం ఆ ఒక్క చోటే పుడుతుంది. 10 వోల్టులు, 8 ఆంపియర్లు అంటే 80 వాట్లు. సన్న పనులకి వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అలాంటివి మూడు కలిపి ఆ గాడిలో గుచ్చినంత వేడి. ఫ్యూజు షార్టు సర్క్యూట్‌కి కాపలా గానీ వదులు అతుక్కి కాదు. అది తెలియని వాళ్లు ఇలాంటి చోట ఇంకా పెద్ద ఫ్యూజు వేస్తారు, అది ఎందుకూ పనికిరాదు, ప్రమాదం కూడా.

మోటారు మీద కూడా అనుమానం తీర్చుకోవాలి. ఇరుసు తిరిగే బుష్షులు అరిగి బిగుసుకున్న మోటారు ఎక్కువ కరెంటు లాగి, మంచి రేకుని కూడా కాలుస్తుంది. అప్పుడు రేకు మార్చినా ఆర్నెల్లలో మళ్లీ ఇదే. బ్యాటరీ నుంచి నేరుగా ఇచ్చి క్లాంప్ మీటర్ చూస్తే మొదలవగానే ఒక్కసారి 30 దాకా లేచి వెంటనే 9 మీద నిలబడింది. ఆ సైజు ఫ్యానుకి అది మామూలే అన్నారు. ఆపి రెక్కని చేత్తో తిప్పితే తేలిగ్గా తిరిగింది, అటూ ఇటూ కొంచెం ఆడుతోంది.

“బుష్షులు ముసిలివైనాయి గానీ ఇప్పుడే మార్చక్కర్లేదు” అన్నారు.

రిపేరు చేసే విధానం మీద కొంచెం చర్చ నడిచింది. పెట్టెలోని రేకుని సన్న పట్టకారుతో నొక్కి బిగించేయొచ్చు అన్నాడు మేనల్లుడు. పెద్దాయన ఒప్పుకోలేదు. ఒకసారి కాలిన రేకులో స్ప్రింగు గుణం చచ్చిపోతుంది, నొక్కితే నొక్కిన చోటే ఉంటుంది గానీ కాలుని పట్టి ఉంచదు. చుట్టూ ప్లాస్టిక్ కూడా కరిగింది. మొత్తం ఫ్యూజు పెట్టె మార్చాలంటే వేలల్లో ఖర్చు. ఆయన చేసింది వేరు. పాత గాడికొచ్చే నాలుగు వైర్లనీ కిందనుంచి కోసి, విడిగా దొరికే రిలే హోల్డర్ ఒకటి తెచ్చి పెట్టె పక్కన బాడీకి స్క్రూతో బిగించారు. వైర్లు మెలేసి టేపు చుట్టే పని ఆయన దగ్గర లేదు. కాలి నల్లబడిన రాగిని శుభ్రమైన రంగు కనపడేదాకా కోసేసి, ఒక్కో వైరుకీ లగ్గు పెట్టి ప్లయరుతో నొక్కి, లాగి చూసి, పైన స్లీవు వేసి వేడి చేశారు. ఫ్యాను వైరు ముందున్నంత లావే. పాత 30 ఆంపియర్ల ఫ్యూజు దారిలో అలాగే ఉంది, దాన్ని దాటేసి ఏ వైరూ వెళ్లలేదు. ఫాగ్ లైట్ వైరు ముక్క చెత్తబుట్టలోకి పోయింది.

హోల్డర్ 180, కొత్త రిలే 220, కూలీ 500. అంతకుముందు గ్యాస్‌కీ, దాన్ని తీయడానికీ పెట్టింది తలుచుకోవడం మానేశాను.

పని అయ్యాక ఆయన మళ్లీ అవే గుండుసూదులు గుచ్చారు. ఫ్యాను తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర 13.8, ఫ్యాను దగ్గర 13.4. ఇంత పొడుగు దారిలో, ఇన్ని అతుకుల మీద అర వోల్టు లోపు పోవడం మామూలే. అరగంట ఏసీతో నడిపించి, కొత్త హోల్డర్ మీదా వైర్ల మీదా వేలు పెట్టి చూడమన్నారు. గోరువెచ్చగా కూడా లేదు. మీటరు లేనివాళ్లకి అదే పరీక్ష. ఫ్యాను కొంతసేపు తిరిగాక ఇంజిను ఆపి రిలే, ఫ్యూజు, కప్లర్ తాకి చూస్తే, వాటిలో ఏది చురుక్కుమంటే తప్పు అక్కడే.

ఇంటికొచ్చాక డాంగిల్ పెట్టి చూశాను. ఏసీ లేకుండా నిలబెడితే 96కి ఫ్యాను అందుకుంది, 91కి దిగి ఆగింది, మళ్లీ మెల్లగా ఎక్కింది. ఏసీ వేస్తే ఫ్యాను కంప్రెసర్తో పాటే తిరుగుతూ నీళ్లు 90 దగ్గరే ఉన్నాయి. ఈ అంకెలు మా బండివి, ఒక్కో బండికి కొంచెం అటూ ఇటూ ఉంటాయి. ఆ వేడెక్కిన ఆదివారం కొంత కూలెంట్ పొర్లిపోయింది కాబట్టి చల్లారాక రిజర్వాయర్లో గీత దాకా పోశాను. రోజూ పొద్దున్నే ఆ గీత చూశాను, తగ్గలేదు. తగ్గుతూ ఉంటే, లేదా ఆయిల్ మూత కింద తెల్లటి నురగ కనపడితే, వేడికి హెడ్ గాస్కెట్ దెబ్బతిన్నదని అనుమానించాలి. అదృష్టం, అలాంటిదేమీ లేదు.

రెండు స్పీడుల ఫ్యాను ఉన్న బళ్లకి ఇదే కథ కొంచెం మారుతుంది. అక్కడ నెమ్మది స్పీడుకి దారిలో ఒక రెసిస్టర్ ఉంటుంది. అది తెగిపోతే ఏసీ వేసినప్పుడు ఫ్యాను అస్సలు రాదు, నీళ్లు బాగా వేడెక్కాక ఒక్కసారిగా పెద్ద స్పీడులో వస్తుంది. అలా కనపడితే ముందు రెసిస్టర్ చూడాలి. కొత్త మోడళ్లు కొన్నిట్లో రిలే బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ స్పీడుని కొంచెం కొంచెంగా పెంచుతుంది, వాటి మీద ఈ హెడ్‌లైట్ బల్బు ప్రయోగాలు చెయ్యకూడదు.

బుష్షులు ముసలివయ్యాయన్న మాట గుర్తుంది కాబట్టి నేనూ ఒక డీసీ క్లాంప్ మీటర్ కొనుక్కున్నాను. మొన్న చూస్తే ఇంకా 9 దగ్గరే ఉంది. 12, 13 దాకా పోయిన రోజున మోటారు మార్పించాలని పెద్దాయనతో అనుకున్నాం, కొత్తదానికి ధర కూడా కనుక్కుని ఉంచారు.